ఒంటరిగా పడ్డ కార్డు

ఉప్పల్‌లో నేను చేరిన ఆఫీసులో ఒక్క గదికే ఏసీ ఉండేది. అది మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. లోపలికి పోతే ఎండాకాలంలో కూడా వేళ్లు కొంకర్లు పోయేవి. అక్షరాలను, అంకెలను అట్ట కార్డుల మీద రంధ్రాలుగా పొడిచే పంచింగ్ యంత్రం ఒక పక్క, కార్డులను వేరుచేసే సార్టర్ ఇంకో పక్క. సార్టర్ తిరిగిందంటే రేకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు. డెబ్బైల మొదట్లో మాట. అప్పటికి చిల్కానగర్ వైపు చూస్తే పొలాలే కనబడేవి.

ఆ గదిలో ఇద్దరం ఆడవాళ్లం, ఇద్దరం టెంపరరీ. నేను నాచారం నుంచి వచ్చేదాన్ని. మా నాయన పనిచేసే మిల్లు మూతపడింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నా జీతమే. రెండో ఆమె మౌలాలి నుంచి వచ్చేది, నాకంటే పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. నేను అక్కా అనేదాన్ని. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. పర్మినెంట్ పోస్టు మాత్రం ఒక్కటే వచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు ఉండాలి, ఇంకొకరు పోవాలి. మా సెక్షన్ సార్ పరీక్ష పెడతానన్న రోజు నుంచి నాకు అన్నం గొంతు దిగలేదు. మా అమ్మ ప్రార్థన చేసుకో అంది. చేసుకున్నా, అయినా దిగలేదు!

సార్‌ది కోస్తా వైపు. పేపర్లో వచ్చే అక్షరాల పజిళ్లంటే ప్రాణం. పరీక్ష కూడా అట్లాంటిదే పెట్టాడు. ఇంగ్లిష్ మాటలు, అన్నీ నాలుగక్షరాలవి, గందరగోళంగా కలిపి ఇద్దరికీ ఒకే కాగితం ఇచ్చాడు.

"ఇందులో అవే అక్షరాలు అటూ ఇటూ మారిన మాటలున్నాయి. TEAM, MEAT, MATE లాగా. అలాంటివన్నీ ఒక్కో గుంపుగా రావాలి. కంటితో ఏరకూడదు. యంత్రమే చెయ్యాలి. ఎలా చేస్తారో మీ ఇష్టం," అన్నాడు.

ఎట్లా చెయ్యాలో మాకిద్దరికీ తెలుసు, ఆయనే ఒకప్పుడు చెప్పాడు. మాటలోని అక్షరాలను ఏ, బీ, సీ, డీల వరుసలో పేర్చి రాస్తే దానికొక కీ వస్తుంది. TEAM అక్షరాలను పేర్చితే AEMT. MEAT పేర్చినా AEMT, MATE పేర్చినా AEMT. మాట వేరైనా కీ ఒక్కటే. కార్డు మీద ఒకచోట మాట, ఇంకోచోట దాని కీ పొడవాలి, అక్షరానికొక నిలువు కాలమ్ చొప్పున. సార్టర్‌ను మాట వైపు పోనీయకుండా కీ ఉన్న నాలుగు కాలమ్‌ల మీదే తిప్పాలి. ఒకే కీ ఉన్న కార్డులు పక్కపక్కన చేరతాయి.

సార్టర్ ఒకసారికి ఒక్క కాలమ్‌నే చూస్తుంది. అక్షరానికి రెండు రంధ్రాలు కాబట్టి ఒక్కో కాలమ్‌కు కార్డులను రెండుసార్లు తిప్పాలి. రంధ్రాన్ని బట్టి కార్డులు వేరువేరు అరల్లో పడతాయి, అరల వరుస చెడకుండా ఎత్తి మళ్లీ పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, చివరి కాలమ్‌తో మొదలుపెట్టి మొదటి కాలమ్‌తో ముగించాలి. అట్లయితేనే మొత్తం అక్షరక్రమంలో వస్తుంది.

ఎవరి కీలు వాళ్లం రాసుకుని ఎవరి కార్డులు వాళ్లం పొడిచాం. సార్టర్ మీద మొదటి వంతు నాది. మధ్యాహ్నం జీతాల కార్డులు వస్తాయి కాబట్టి ఇద్దరికీ చెరొక్క అవకాశమే. సార్ అద్దం తలుపు అవతల కూర్చుని చూస్తున్నాడు. ఎత్తడం, పెట్టడం, మళ్లీ ఎత్తడం. ఒక కార్డు ఇరుక్కున్నట్టనిపిస్తే యంత్రం ఆపి చూశాను. ఇరుక్కోలేదు. అన్ని తిప్పుళ్లూ అయ్యాయి. హమ్మయ్య అనుకుని కార్డులను విసనకర్రలా విప్పి చూశాను.

మొదట AELM కీ కార్డులు. బాగానే ఉంది. వాటి వెనకాలే ILNO. దాని తర్వాత మళ్లీ AENR!

'ఐ'తో మొదలయ్యేది 'ఏ'ల మధ్యకు ఎట్లా వచ్చింది? అప్పుడు తెలిసింది. మొదటి కాలమ్‌తో మొదలుపెట్టి చివరి కాలమ్‌తో ముగించాను. భయంలో చెయ్యి చదివే వైపే పోయింది. మా నాయన మొహం, ఖాళీ బియ్యం డబ్బా, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. మళ్లీ తిప్పుదామంటే వంతు అయిపోయింది. థూ, నా బతుకు అనుకున్నా!

అక్క తన కార్డులు పట్టుకుని పక్కకొచ్చింది. "ఏందే, ఏమైంది?"

"అక్కా, ఉల్టా జేసిన. మొదటి కాలమ్‌ కెళ్లి షురూ జేసిన. అంత ఆగమైంది."

ఆమె నా కార్డుల అంచులు వేలితో తోసుకుంటూ చూసింది. "నాలుగు కాలమ్‌లూ తిప్పినవా?"

"తిప్పిన."

"ఇగ ఫికర్ ఎందుకే పిచ్చిదానా? అవే నాలుగు అక్షరాలున్న కార్డులు ప్రతిసారి ఒకే అరల పడ్డయ్ గద. ఎటుకెళ్లి తిప్పినా గవి విడిపోతయా? వరుస తప్పింది గని గుంపు తప్పలే. సార్ గుంపులడిగిండు, వరుస అడగలే. జర మంచిగ సూడు."

చూశాను. LAME, MALE, MEAL ఒకచోట. LION, LOIN ఒకచోట. STOP, POST, SPOT, TOPS అన్నీ ఒకచోట. గుంపులు ముందూ వెనకా అయ్యాయి తప్ప ఒక్క కార్డూ తన గుంపును విడిచిపోలేదు. అయినా, సార్ ఒప్పుకోవాలి కదా!

అక్క తన వంతు తీసుకుంది. చివరి కాలమ్‌ నుంచి మొదలుపెట్టి ఎక్కడా తడబడకుండా తిప్పింది. ఆ చేతులను చూస్తుంటే నా పని అయిపోయిందని తేలిపోయింది.

ఇద్దరి కార్డుల్లోని మాటలనూ అదే వరుసలో కాగితం మీద అచ్చు వేయించి సార్ ముందు పెట్టాం. ఆయన మొదట నాది చూశాడు. "ఇదేమిటమ్మా, అక్షరక్రమం లేదు?"

"మొదటి కాలమ్‌తో మొదలుపెట్టిన సార్. కానీ గుంపులు ఉన్నయి సార్."

ఆయన పెన్సిలుతో ఒక్కో గుంపే టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ప్రతి టిక్కునూ నేను లెక్కపెట్టాను. చివరిదాకా వచ్చి పక్కన పెట్టాడు. తర్వాత అక్కది తీశాడు. ముత్యాల సరంలాంటి వరుస. పెన్సిలు చకచకా దిగుతూ పోయి, ఒకచోట ఆగింది.

"ఈ MEAL ఒక్కటీ ఇక్కడెందుకుంది?"

LAME, MALE పైన ఉన్నాయి. MEAL మాత్రం LATE, TALEల కింద, TEAM గుంపుకు పైన ఒంటరిగా ఉంది. సార్ ఆ కార్డు తీయించాడు. దాని కీ AELM అని ఉండాలి. AEML అని ఉంది. చేత్తో పేర్చి రాసేటప్పుడు రెండు అక్షరాలు తారుమారయ్యాయి, అంతే. యంత్రం కార్డు మీద ఉన్న కీనే నమ్మింది. అక్క ఆ కార్డును చేతిలోకి తీసుకుని చూసింది. "నాదే సార్, నేనే తప్పు రాసిన," అంది. బతిమాలలేదు.

సార్ కూడా బాధపడ్డాడు. కానీ ఆయన అడిగింది గుంపులే. పోస్టు నాకు వచ్చింది.

సాయంత్రం బస్టాపులో ఇద్దరం నిలబడ్డాం. నాకు సంతోషం రాలేదు. ఆ రెండు అక్షరాలు నా కార్డు మీదే తారుమారై ఉంటే? ఆమె చెప్పకపోయి ఉంటే నేను గుంపులున్నాయని సార్‌తో అనగలిగేదాన్నా? ఏడ్చుకుంటూ బయటికి నడిచేదాన్ని.

మౌలాలి బస్సు వచ్చింది. అక్క మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "రేపటిసంది ఒక్కదానివే ఉంటవ్. చివరి కాలమ్‌ కెళ్లి షురూ జెయ్యి, మర్శిపోకు," అంది.