నూనె చుక్క లేని మిరపకాయలు

మా పాప నడక నేర్చుకున్న ఏడాది మామకు చేనులో కళ్లు తిరిగాయి. గట్టు పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాడట. ఉరవకొండలో డాక్టరు చూసి బీపీ ఎక్కువగా ఉందన్నాడు. మాత్ర రాసిచ్చి, తిండి జాగ్రత్త అన్నాడు. ఇంటికి రాగానే అత్త చేసిన మొదటి పని, ఆయన భుజాల మీద నుంచి పాపను దించేయడం.

"బీపీ దిగేదాకా బిడ్డను ఎత్తుకోవద్దు. నువ్వు పడితే బిడ్డ గుడక పడతాది."

రోజూ మేకలు ఇళ్లకు మళ్లే వేళకు పాపను భుజాలకెత్తుకుని వీధి చివరి దాకా పోవడం మామ అలవాటు. ఆ సాయంత్రం పాప ఆయన మోకాళ్లు పట్టుకుని చేతులు పైకి చాచింది. ఆయన అరుగు మీదే కూర్చుని దాని అరచేతిలో వేలితో ఏదో గీస్తూ ఉండిపోయాడు. వాకిట్లోంచి అది చూడలేక నేను లోపలికి వచ్చేశాను.

మా ఆయన నాతో అన్నది ఒక్క మాటే. "ఇంగ ఆరోగ్యంగా వండు."

"అంటే ఏం తగ్గించాల?"

"ఏముండాది, నూనె తగ్గించు. టీవీలో రోజూ చెప్తాండారు కదా."

డిగ్రీ చదివినా నాకు తెలిసిందీ అంతే. వారపత్రికల వంటల పేజీలో కూడా ఆరోగ్యమంటే నూనె లేకపోవడమే. పండేదే శెనక్కాయ అయిన ఇంట్లో, మా కాయలతోనే గానుగాడించిన నూనె డబ్బాను అటక ఎక్కించాం. తిరగమాత లేని పప్పు, ఉడకబెట్టిన వంకాయ. మామ సంగటి ముద్దను పప్పులో అద్దుకుని మింగి, నన్ను చూసి తల ఊపేవాడు. బాగుందని కాదు, నేను బాధపడతానని.

ఆ నూనె లేని తిండి గొంతు దిగడం లేదని అత్త కనిపెట్టింది. ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన ఊరమిరపకాయలు మా ఇంట్లో కుండ నిండా ఉంటాయి. మామూలుగా నూనెలో వేయించుతాం. అత్త వాటిని పొయ్యిలో నిప్పుల మీద కాల్చి పళ్లెంలో వేసింది.

"నూనె చుక్క లేదు, తిను."

ముద్దకొక మిరపకాయ చొప్పున మామ సంగటంతా తిన్నాడు. ఆ ఉపాయం నాకూ నచ్చింది. ఊరగాయలో కూడా నూనె వంచేసి ముక్కలు మాత్రం వేయడం మొదలుపెట్టాను.

మళ్లీ చూపించుకోవడానికి అందరం పోయాం. డాక్టరు గాలి కొట్టి, వదిలి, మళ్లీ కొట్టి చూశాడు. బీపీ దిగకపోగా ఇంకాస్త పెరిగింది.

"మాత్ర వేసుకుంటున్నావా పెద్దాయనా?"

"ఏసుకుంటానే ఉండా సార్."

అత్త ముందుకొచ్చింది. "తిండిలో లోపం ల్యాదు సార్. నూనె ముట్టనియ్యలే. మిరపకాయలు గుడక నిప్పుల మీదే కాల్చినా."

"ఏం మిరపకాయలు?"

"ఊరమిరపకాయలు."

"వాటిలో ఉప్పు ఎంత వేస్తారమ్మా?"

"ఉప్పు ల్యాకుంటే ఊరమిరపకాయ ఎట్లయితాది సార్..." అంటూనే అత్త ఆగిపోయింది.

నేను పాపను చంక మార్చుకుని అడిగాను. "ఏం తగ్గించాలో విడమరిచి చెప్పండి సార్. నూనెనా, ఉప్పా, తిండే తగ్గించాలా?"

"ఈయనకు ముఖ్యంగా ఉప్పు. బక్క మనిషి, చేనులో పనిచేస్తాడు, తిండి తగ్గిస్తే నీరసపడతాడు. నూనె మితంగా వేయండి, మానక్కర్లేదు. ఊరగాయ, అప్పడం, ఆ మిరపకాయలు మాన్పించండి."

బస్సులో అత్త కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "నా చేత్తోనే పెట్టినా" అంది. నేనూ పెట్టానని చెప్పబోయేలోగా ముందు సీట్లోంచి మామ తిరిగాడు.

"ఏమ్మే, నూనె చుక్క లేకుండా నన్ను సాగనంపాలని చూసినావే."

"నోరు మూసుకుని ముందుకు చూడు" అంది అత్త, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆ మాటతో నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ రోజు నుంచి సంగటిలో ఉప్పు వేయలేదు. పప్పులో సగం తగ్గించి, నిమ్మకాయ రసం పిండి, తెల్లగడ్డలు, జీలకర్ర ఎక్కువ వేసి తిరగమాత పెట్టాను. చాన్నాళ్లకు వాకిలి దాకా పోయిన ఆ వాసనకు మామ పిలవకుండానే వచ్చి పీట వేసుకున్నాడు. అత్త పుల్లమజ్జిగలో ఉప్పు లేకుండా మిరపకాయలు నానబెట్టి మిద్దె మీద ఎండబెట్టింది.

"ఇది మిరపకాయనా, చొప్పనా?" అన్నాడు మామ.

"చొప్పే. ఎద్దు తింటాది, నువ్వూ తిను."

గొణుగుతూనే అలవాటు పడ్డాడు. కొన్ని వారాల తర్వాత ఒక పెండ్లిలో సాంబారు నోట పెట్టుకుని, "ఏమప్పా, ఇంత ఉప్పా?" అంటే అత్త నా వైపు చూసి కొంగు చాటున నవ్వింది.

ఆ తర్వాత చూపించుకున్నప్పుడు బీపీ దిగింది. మాత్ర మాత్రం మానొద్దన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం మేకల గంటలు వినపడగానే మామ అరుగు మీద నుంచి లేచాడు. పాపను ఎత్తుకోలేదు, అత్త మొహం చూశాడు. అత్త పాపను ఎత్తి తనే ఆయన భుజాల మీద కూర్చోబెట్టింది. పాప ఆయన జుట్టు రెండు పిడికిళ్లతో పట్టుకుంది. వాళ్లు వీధిలోకి నడిచారు. వెనకాల అత్త, ఎందుకైనా మంచిదని ఒక చెయ్యి పాప వీపు వైపు చాపుకుని, వీధి చివరి దాకా నడిచింది.