మెట్ల మలుపులో బ్యాటరీ దీపం

యుద్ధం ముగిశాక సైన్యంలోంచి వచ్చి అమలాపురంలో చిన్న కొట్టు పెట్టుకున్నాను. రేడియోలు బాగుచేసేవాడిని, ఇళ్లకీ కొట్లకీ కరెంటు వైరింగు వేసేవాడిని. ఊళ్లోకి కరెంటు వచ్చి ఎంతో కాలం కాలేదు. ఉన్నట్టుండి పోయేది, ఎప్పుడు వచ్చేదో చెప్పలేకపోయేవాళ్లం. అయినా జనం అప్పటికే లాంతర్లు అటకెక్కించేశారు.

మా వీధిలో ఒక బట్టల షాపుకి మేడ ఉండేది. కింద పంచెలు, తానులు, పైన చీరలు. మేడమెట్లు రెండు గోడల మధ్య ఇరుగ్గా ఉండి, సగం ఎక్కాక ఎడమకు తిరిగేవి. కిటికీ లేదు. మలుపు దగ్గర ఒక బల్బు వేలాడేది. అది ఆరితే మిట్టమధ్యాహ్నమైనా మన చెయ్యి మనకు కనపడేది కాదు.

ఒక పెళ్లిళ్ల నెలలో ఆడపిల్లల హైస్కూలు పంతులమ్మ గారు చెల్లెలి కూతురికి చీరలు తీయడానికి వచ్చారు. సైన్సు చెప్పేవారు ఆవిడ. చీరలు తీసుకుని దిగుతుండగా కరెంటు పోయింది. పైనున్న వాళ్లంతా ఒక్కసారిగా మెట్ల మీదకు వచ్చేశారు. కింద నుంచి పెద్ద గుమాస్తా గారు హరికేన్ లాంతరు పట్టుకుని ఎదురెక్కారు. ఎక్కేవారూ దిగేవారూ మలుపులో కలిశారు. తోపులాటలో పంతులమ్మ గారు ఆరు మెట్లు జారి కింద పడ్డారు. కుడిచేతి మణికట్టు విరిగింది. లాంతరు గుమాస్తా గారి చేతిలోంచి జారింది కానీ, అదృష్టవశాత్తు పడగానే ఆరిపోయింది.

మర్నాడు ఆ షాపు షావుకారు గారు నన్ను పిలిపించారు. అప్పటికే ఆయన ఆసుపత్రికి వెళ్లి ఆవిణ్ణి చూసి వచ్చారు.

"ఆవిడ ఒక్క మాట కూడా అనలేదోయ్. 'ఇంకెవరూ పడకుండా చూడండి చాలు' అన్నారు. తిట్టినా బాగుండేది," అన్నారాయన. "లాంతరు చూస్తే నాకు భయం. పైనంతా పట్టుచీరలు. కరెంటు పోగానే దానంతట అదే వెలిగే దీపం ఏదైనా ఉందా?"

ఉందన్నాను. యుద్ధంలో ఒక మిలటరీ ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి అలాంటిది ఉండేది. దాన్ని శుభ్రం చేయడం నా పని కనుక లోపల ఏముందో నాకు తెలుసు. కావలసినవి మూడే: ఒక బ్యాటరీ, దాన్ని నింపుతూ ఉండే చార్జరు, రిలే అనే చిన్న పరికరం. రిలేలో ఒక తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ ఆ చుట్ట అయస్కాంతమై ఒక ఇనుప రేకును లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది. స్ప్రింగు రేకును వెనక్కి లాగుతుంది, అక్కడున్న రెండు మొనలు కలుసుకుంటాయి, బ్యాటరీ దీపాలు వెలుగుతాయి. కరెంటు తిరిగి రాగానే రేకు మళ్లీ అటు వెళ్లి దీపాలు ఆరిపోతాయి. మనిషి చెయ్యి పెట్టే పని లేదు.

రిలే, చార్జరు సామాను మద్రాసు నుంచి తెప్పించాను. బ్యాటరీ కాకినాడలో ఒక వర్తకుడి దగ్గర కొన్నాను. మోటారుసైకిలుకు వేసే ఆరు వోల్టులది. మలుపు దగ్గర ఒక చిన్న బల్బు, కింది మెట్టు దగ్గర ఒకటి పెట్టాను. నాలుగైదు గంటలు వెలుగుతాయని లెక్క.

పెద్ద గుమాస్తా గారికి ఇది మొదటి నుంచీ నచ్చలేదు. ఆయన ఆ షాపులో పాతికేళ్లుగా ఉన్న మనిషి.

"అందులో ఉన్నది యాసిడేనాండీ?" అని అడిగారు.

"అవునండి."

"చీర మీద చుక్క పడితే?"

"చిల్లు పడుతుందండి."

"ఆయ్. అదే అడుగుతున్నాను," అన్నారు.

ఆయన మాట నిజమే. అందుకని బ్యాటరీని బట్టలకు దూరంగా, మెట్ల కింది ఖాళీలో గాజు పళ్లెంలో పెట్టి, చుట్టూ చెక్కపెట్టె కట్టించాను. చార్జింగులో వాయువు వస్తుంది కనుక పెట్టెకు పైనా పక్కలా కన్నాలు వేయించాను. పని అయ్యాక షాపు మెయిన్ స్విచ్చు దించి చూపించాను. మెట్ల మీద బల్బు ఆరడం, బ్యాటరీ దీపాలు వెలగడం ఒకేసారి జరిగాయి. పైనుంచి చూస్తున్న కుర్ర గుమాస్తాలు కేకలు వేశారు. షావుకారు గారు తానే స్విచ్చు నాలుగుసార్లు ఎత్తి దించారు. ఆ రోజు నాకు నేల మీద కాలు ఆనలేదు.

నాలుగో రోజు ఉదయం షావుకారు గారు పంతులమ్మ గారిని స్వయంగా పిలిచి తీసుకొచ్చారు. చేతికి సిమెంటు కట్టుతో, రెండో చేత్తో గొడుగు పట్టుకుని వచ్చారావిడ. నన్నూ రమ్మన్నారు. షావుకారు గారు పెద్ద గుమాస్తా గారికి సైగ చేశారు. ఆయన మెయిన్ దించారు.

మలుపులో బ్యాటరీ బల్బు లోపలి తీగ, కాలే చుట్ట చివరి నిప్పులా ఎర్రగా కనిపించింది. క్షణంలో అదీ పోయింది. గుమాస్తా గారు మెయిన్ ఎత్తేశాక అందరి ముఖాలూ నా వైపే తిరిగి ఉన్నాయి.

"బ్యాటరీ పనికిమాలినదండి. ఆ వర్తకుడు పాత సరుకు అంటగట్టేడు," అన్నాను. నోటికి అదే వచ్చింది. కొట్టుకి వెళ్లి ఆ వర్తకుడికి ఘాటుగా ఒక కార్డు రాసి పోస్టు డబ్బాలో పడేశాక గానీ, హైడ్రోమీటరు తీసుకుని వెనక్కి రాలేదు.

బ్యాటరీలో యాసిడు ఎంత చిక్కగా ఉందో చూపించే గాజు గొట్టం హైడ్రోమీటరు. యాసిడు పలచబడిందంటే బ్యాటరీ ఖాళీ అయినట్టు. ఆ బ్యాటరీకి మూడు గదులు. నిజంగా పాడైనదైతే ఏదో ఒక గదిలో తేడా కనిపించాలి. నాకు మూడింటిలోనూ యాసిడు సమంగా, పూర్తిగా పలచబడి కనిపించింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది. దాన్నెవరో ఖర్చు పెట్టేశారు.

పంతులమ్మ గారు ఇంకా వెళ్లలేదు. కింద కుర్చీలో కూర్చుని నేను చేసేదంతా చూస్తున్నారు.

"ఏమైందండీ?" అన్నారు.

"ఖాళీ అయిపోయిందండి. ఈ మూడు రోజుల్లో కరెంటు పోనే లేదంటున్నారు. ఎలా ఖాళీ అయిందో తెలియడం లేదు."

ఆవిడ పెద్ద గుమాస్తా గారి వైపు తిరిగారు. "రాత్రి షాపు కట్టేటప్పుడు ఏం చేస్తారండీ?"

"ఏవుందండీ. పద్దులు కట్టేసి, దేవుడి దగ్గర దీపం కొండెక్కించి, మెయిన్ దించేసి తాళం వేసుకుంటాను. బట్టల షాపాయె. పాతికేళ్లుగా ఏ రోజూ నిప్పు ఉంచి వెళ్లలేదు. కరెంటు వచ్చేక మెయిన్ కూడా అంతే," అన్నారాయన.

అప్పుడు తెలిసింది నాకు. రిలేకి కరెంటు ఊళ్లో పోయిందా, గుమాస్తా గారు దించారా అన్నది తెలియదు. నేను దాన్ని మెయిన్ తర్వాత కలిపాను. రోజూ షాపు మూయగానే అది రేకు వదిలేసింది. తాళం వేసిన షాపులో దీపాలు వెలిగి వెలిగి ఆరిపోయాయి. పగలంతా చార్జరు సన్నధారగా నింపినది రాత్రి ఖర్చుకు సగం కూడా చాలలేదు. మెయిన్ వీధి గుమ్మం దగ్గర ఉండటంతో దించేటప్పుడు మెట్ల వెలుతురు ఆయనకు కనపడలేదు, పొద్దున్న ఎత్తగానే అంతా మామూలుగా ఉండేది కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

"తప్పు నాదేనండి," అన్నాను. "బ్యాటరీది కాదు, ఈయనది అసలే కాదు. షాపు రాత్రి ఎలా కడతారో నేను అడగలేదు."

షావుకారు గారు గట్టిగా ఏదో అనబోయి, పంతులమ్మ గారు ఉన్నారని ఆగారు. ఆవిడ మాత్రం, "తెలిసింది కదండీ, ఇప్పుడు సరిచేసెయ్యండి," అన్నారు, పిల్లవాడు లెక్క తప్పు చేస్తే అన్నట్టు.

సరిచేయాలంటే మెట్ల లైనుకు షాపు మూసినా కరెంటు ఉండాలి. పెద్ద గుమాస్తా గారు ససేమిరా అన్నారు. "మూసిన షాపులో కరెంటు ఉంచితే నాకు నిద్ర పట్టదండీ." నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ భయం వల్లే ఆ షాపు అంతకాలం భద్రంగా ఉంది. ఆయన్ని దగ్గర కూర్చోబెట్టుకుని కాగితం మీద గీసి చూపించాను. మీటరు తర్వాత, మెయిన్ కంటే ముందు ఇనుప డబ్బాలో వేరే స్విచ్చు, వేరే ఫ్యూజు. అక్కడి నుంచి లైను ఇనుప గొట్టంలో మెట్ల వరకే వెళుతుంది. ఒక్క బట్టల బీరువా దరికీ పోదు. మిగతా షాపంతా ఎప్పటిలాగే ఆయన మెయిన్ దించుకోవచ్చు. మెట్ల బల్బును కూడా ఈ లైను మీదకే మారుస్తానన్నాను.

గీతల మీద వేలు పెట్టి పంతులమ్మ గారు అడిగారు: "ఊళ్లో కరెంటు ఉండి, ఈ మెట్ల ఫ్యూజు ఒక్కటే పోయిందనుకోండి. అప్పుడూ చీకటే కదా?"

అది కూడా నేను ఆలోచించలేదు. రిలేను ఫ్యూజుకు ముందు కలపబోయాను. అలా చేస్తే ఫ్యూజు పోయినా రిలేకి కరెంటు అందుతూనే ఉంటుంది, దీపం వెలగదు. కాగితం మీద ఆ గీత కొట్టేసి, ఫ్యూజు తర్వాత, మెట్ల బల్బు స్విచ్చుకు ముందు కలిపాను. ఇప్పుడు ఫ్యూజు పోయినా రిలే రేకు వదులుతుంది. రోజూ బల్బు ఆర్పుకుంటే మాత్రం వదలదు.

కరెంటాఫీసు నుంచి సూపర్‌వైజరు వచ్చి చూసి సరేనన్నాక పని పూర్తి చేశాను. బ్యాటరీని మా కొట్లో రెండు రోజులు చార్జింగులో పెట్టి తెచ్చాను. ఆ వర్తకుడికి ఇంకో కార్డు రాశాను, తప్పు నాదని. ఆయన జవాబు రాయలేదు. తర్వాతెప్పుడో వెళ్తే కాఫీ ఇచ్చారు కానీ ఆ ఊసెత్తలేదు.

ఒక లోటు మిగిలింది. రాత్రంతా ఊళ్లో కరెంటు పోతే ఖాళీ షాపులో దీపాలు వెలిగి బ్యాటరీ దిగిపోతుంది. ఆ సంగతి దాచకుండా పెద్ద గుమాస్తా గారికి చెప్పాను. రోజూ షాపు తీయగానే ఇనుప డబ్బాలోని చిన్న స్విచ్చు దించి చూడాలి, వెలుతురు మందంగా ఉంటే నాకు కబురు చెయ్యాలి. నన్ను అంతగా అనుమానించిన మనిషి ఆ పని ఒక్క రోజు మానలేదు. పదిహేను రోజులకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు ఆయనే పోసేవారు, తీగలు బిగించే చోట చిలుము పట్టకుండా వాజిలైను ఆయనే రాసేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు.

శ్రావణ మాసంలో ఒక శుక్రవారం సాయంత్రం, పైన చీరల దగ్గర ఇరవైముప్పై మంది ఆడవాళ్లు ఉండగా, గాలివానకు కరెంటు పోయింది. నేను అప్పుడు షాపులోనే ఉన్నాను. మేడ మీద చీకటైంది కానీ మెట్ల గుమ్మంలోంచి వెలుతురు కనిపిస్తోంది. అందరూ ఆ వెలుతురు చూసుకుని ఒకరి వెనక ఒకరు దిగారు. ఒకావిడ మలుపులో ఆగి, వెనకావిడతో అంచు రంగు గురించి మాట్లాడుతూనే ఉంది. దీపం వైపు ఎవరూ తలెత్తి చూడలేదు.

పెద్ద గుమాస్తా గారు కింది మెట్టు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, "మెల్లగా రండమ్మా, తొందరేం లేదు," అంటున్నారు.

పంతులమ్మ గారి చెయ్యి అతికింది కానీ పూర్తిగా తిరిగేది కాదు. బోర్డు మీద రాయడం కష్టమై కొన్నాళ్లు ఎడమచేత్తో రాశారట. దసరా ముందు ఆవిడ షాపుకి వచ్చారు. నన్ను పిలిపించి, ఫ్యూజు లాగి చూపించమన్నారు. లాగాను. దీపాలు వెలిగాయి. ఆవిడ గోడ పట్టుకోకుండా మెట్లు ఎక్కి, పైన కాసేపు ఉండి, అదే వెలుతురులో కిందికి దిగి వచ్చారు.

"మా బళ్లో కూడా ఒక చీకటి మెట్లదారి ఉందండీ. హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడేను. సోమవారం వచ్చి చూస్తారా?" అన్నారు.

"ఆయ్, వస్తానండి," అన్నాను. "బడి సాయంత్రం ఎలా మూస్తారో, మెయిన్ ఎవరు దించుతారో మీరు కొంచెం కనుక్కుని ఉంచండి."