మూడో ముక్క

నెట్ సెంటర్ నడిపే ఆవిడ సగంలో ఆగిన తుమ్మును కూడా అతికించగలదని వీధిలో ప్రతీతి. అందుకే రిటైరైన కండక్టర్ భార్యతో వచ్చాడు. గొంతు ఆపరేషన్‌తో మాట పోకముందు భార్య చెప్పిన కథల రికార్డింగును బావమరిది కుదించి, ఐదు రార్ ఫైలు ముక్కలుగా పంపాడు. తెరిస్తే కంప్యూటర్, ఫైలు అనుకోకుండా మధ్యలోనే ముగిసిందంటోంది.

“ఆఖరిది మరీ చిన్నగా ఉందమ్మా, అదే పాడైందేమో. ఇవి పోతే ఆ గొంతు మరి వినలేను.”

“ఆఖరిది చిన్నగా ఉండొచ్చు బాబాయ్. మిగతా నాలుగూ సమానంగా ఉండాలి. మీ మూడోది నెట్ నుంచి సగమే దిగింది.”

మూడోదాన్ని మళ్లీ దించి, అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, మొదటిదాన్ని తెరిచింది. మిగతావి వాటంతటవే కలిశాయి.

“ఊఁ కొట్టకపోతే కథ ఆపేస్తానయ్యా,” అంది స్పీకర్.

కండక్టర్ గబగబా “ఊఁ” అన్నాడు. పక్కనున్న భార్య నవ్వుతూ అతని చెయ్యి గిల్లింది.