ఇద్దరు పెద్దమనుషుల ముందు చెప్పిన మాట

మా బంధువర్గంలో ఎవరింట్లో నిశ్చితార్థం అయినా మాట్లాడేది నేనే. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది, అందుకని ఎవరూ అడ్డు చెప్పరు. పట్టుచీరలు, లగ్గం ఖర్చు, భోజనాలు ఎవరివి అన్నవి పదిమందిలో నిలబడి చదివినట్టు చెబుతాను. చెప్పినవి జరిగి తీరాలి. లేకపోతే మధ్యలో కూర్చున్న ఈ బాలనర్సయ్య పరువేం కావాలి?

రోహిణి నా తమ్ముడి వరసయ్యే మధుకర్ కూతురు. మధుకర్ కంపెనీ క్యాబు నడిపేవాడు. రాయదుర్గం దగ్గర లారీ గుద్ది నెలల తరబడి దవాఖానలో పడ్డాడు. లేచాక ఆయనకు పట్టుకున్న ఫికర్ ఒక్కటే, తాను ఉండగానే పిల్ల లగ్గం చేసెయ్యాలని. పిల్ల అప్పుడు బీకాం మొదటి సంవత్సరం. హఫీజ్‌పేట్‌లోనే సంబంధం కుదిరింది. పిల్లవాడు శివశంకర్, ఐటీ టవర్లో ఏసీ మెకానిక్. మంచివాడే.

"చదువు ఆపినా ఏం పోదంట అన్నా," అన్నాడు మధుకర్ నాతో. "ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. ఏడాది చదివి వెళ్ళిపోయినా సర్టిఫికెట్ ఇస్తరంట. మల్లొచ్చి కూడా చేరొచ్చంట."

భలే పద్ధతి అనుకున్నాను. ఆడపిల్లను చదువు మాన్పించామన్న పేరు రాదు, లగ్గమూ ఆగదు.

నిశ్చితార్థం నాడు ఎప్పటిలాగే లేచి ఒక్కొక్కటీ చెప్పి, వైశాఖంలో ముహూర్తం అన్నాను. అంతే, లోపలి గదిలోంచి పెళ్లికూతురు బయటికొచ్చి నిలబడింది. ఒళ్ళంతా పూలు, మొహాన చెమట.

"పెద్దనాయినా, ఇంకో రెండు మాటలు కలపాలె," అంది.

అందరూ నోళ్ళు తెరిచారు. నాకు ఒళ్ళు మండింది. "ఏందే, లోపలికి పో!" అన్నాను.

పోలేదు. "వైశాఖంల వద్దు, శ్రావణంల పెట్టుండ్రి. ఎండాకాలం సెలవుల్ల ఒక వృత్తి కోర్సు చెయ్యాలె. మొదటి ఏడాది పరీక్షలన్నీ పాసైతే సరిపోదు, ఆ కోర్సు క్రెడిట్లు, అంటే చదివినదానికి ఇచ్చే పాయింట్లు, అవి కూడా కలిస్తేనే సర్టిఫికెట్ ఇస్తరు. ఉత్తగ మానేస్తే చేతికి మార్కుల కాగితం తప్ప ఏం రాదు."

"ఇంకోటేంది?" అన్నాడు మగపెళ్ళివారి పెద్దమనిషి సుబ్బరాయుడు.

"మూడేండ్ల లోపల మల్ల కాలేజీల చేరాలె. నేను సంపాదించిన క్రెడిట్లు సర్కారు పెట్టిన క్రెడిట్ల బ్యాంకుల నా పేరు మీద ఉంటయి. మల్ల చేరితే మొదటి ఏడాది చదవక్కర్లేదు, రెండో ఏడాది నుంచే. ఆ మాట పెద్దమనుషులు ఇద్దరూ పదిమందిలో చెప్పాలె."

"బ్యాంకుల ఉంటయా? వడ్డీ వస్తదా బిడ్డా?" అన్నాను, నవ్వించి పంపిద్దామని. అందరూ నవ్వారు. తను నవ్వలేదు.

"వడ్డీ రాదు పెద్దనాయినా. గడువు దాటితే మాత్రం చెల్లవు."

కాబోయే అత్త యాదమ్మ మొహం ముడుచుకుంది. కానీ పిల్ల అడిగింది బంగారం కాదు, బట్టలు కాదు. కాదనలేక అత్త కూడా తల ఊపింది. సుబ్బరాయుడూ నేనూ ఒకరి తర్వాత ఒకరం ఆ రెండు మాటలూ గట్టిగా చెప్పాం. చెప్పి భోజనాలకు లేచాం. అన్నంలో పప్పు కలుపుకునేలోపే నేను మర్చిపోయాను కూడా.

రోహిణి మర్చిపోలేదు. ఎండాకాలమంతా కంప్యూటరు మీద లెక్కలు రాసే కోర్సు చేసింది, సర్టిఫికెట్ తీసుకుంది, శ్రావణంలో అత్తారింటికి పోయింది. ఆ సర్టిఫికెట్ మీదే హైటెక్ సిటీలో ఒక ఆఫీసు కింది అంతస్తు రిసెప్షన్లో కొలువు దొరికింది. డిగ్రీ చేసి కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఫొటో తీసి, మెడలో వేసుకునే కార్డు తయారుచేసి ఇవ్వడం ఆమె పని. ఏటా కొత్తవాళ్ళు వచ్చేవారు, ఆమె చేతి కార్డు వేసుకుని లిఫ్టెక్కి పైకి పోయేవారు. ఆమె కిందే ఉండేది. మధ్యలో ఒక పాప పుట్టింది.

మూడో ఏడు ఎండాకాలంలో ఒక ఆదివారం పాపను చంకనేసుకుని కొత్తగూడలో మా ఇంటికొచ్చింది.

"పెద్దనాయినా, ఈసారి కాలేజీ తెరిచేలోపు చేరకపోతే మూడేండ్లు దాటిపోతయి. అత్తమ్మ ఒప్పుకుంటలేదు. కొలువు ఉంది గదా, సర్టిఫికెట్ ఉంది గదా, ఇగ చదువేందంటది."

"మరి మీ ఆయన?"

"తల్లికి ఎదురు చెప్పడు."

"అయితే నేనేం చేస్తనే?"

నా కళ్ళలోకి సూటిగా చూసింది. "పదిమందిలో చెప్పిన మాట మీది. నాది కాదు."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. చీరల గురించి చెప్పిన మాట ఒక్క నూలుపోగు తగ్గినా ఊరుకోనివాడిని, దీన్ని మాత్రం గాలికి వదిలేశాను. చెప్పులేసుకుని సుబ్బరాయుణ్ణి వెంటబెట్టుకుని నేరుగా హఫీజ్‌పేట్ పోయాను.

యాదమ్మ చాయ్ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. "మాటేమో మీరు ఇస్తిరి. పొద్దుగాల అది కాలేజీకి, పగటాల అన్నం తిన్నంక కొలువుకు పోతే పసిపిల్లను ఎవరు చూడాలె? నేను ఇంకో ఇంట్ల వంటకు పోతున్న. నన్ను మానమంటవా బావా?"

నా కోపం నషాళానికెక్కింది. "ఆ రోజు నిశ్చితార్థంల తలకాయ ఊపినవు గదా!"

"ఊపిన. మోసేది నేనే అని అప్పుడు ఎవరన్న చెప్పిన్రా?"

నిజమే చెప్పింది మహాతల్లి. సుబ్బరాయుడు గోడ వైపు చూస్తున్నాడు. శివశంకర్ తల దించుకున్నాడు. రోహిణి వంటింటి గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. ఆ చూపుకు నా నోరు ఎలా తెరుచుకుందో నాకే తెలియదు.

"నేను చూసుకుంట," అన్నాను. "ఉద్యోగం నుంచి రిటైరైన, ఇంట్ల ఉత్తగనే కూసుంటున్న. పొద్దుగాల పిల్లను మా ఇంట్ల దించి పోండ్రి."

శివశంకర్ అప్పుడు తలెత్తాడు. "రాత్రి డ్యూటీ పెట్టించుకుంట అమ్మా. పగటాల నుంచి నేను చూస్త," అన్నాడు. ఆ మాట మూడేళ్ళ కింద అని ఉంటే నాకీ తిప్పలుండేదా! యాదమ్మ సరేనంది. కానీ కాలేజీకి తనూ వస్తానంది, ఏం చెబుతారో తన చెవులతో వినాలట.

మరునాడు పాప నా భుజం మీద, యాదమ్మ పక్కన, రోహిణి కౌంటర్ ముందు. గుమాస్తా ఆమె ఐడీ నంబరు కొట్టి కంప్యూటర్లో చూశాడు. మొదటి ఏడాది క్రెడిట్లన్నీ భద్రంగా ఖాతాలోనే ఉన్నాయన్నాడు.

"క్రెడిట్లు ఉంటే సరిపోదమ్మా, రెండో ఏడాదిలో సీటు ఖాళీ కూడా ఉండాలి," అని మళ్ళీ తెరలోకి వంగాడు. రోహిణి కౌంటర్ అంచును రెండు చేతులా పట్టుకుంది. నేను పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"ఉన్నాయిలెండి," అన్నాడు. "ఖాళీలకేం కొదవ! మొదటి ఏడాదితో వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. తిరిగొచ్చింది మాత్రం మీరొక్కరే."

అలా వెళ్ళిపోయిన ఆడపిల్లల నిశ్చితార్థాల్లో కూడా నాలాంటివాడు ఎవడో ఒకడు నిలబడి గట్టిగా మాట్లాడే ఉంటాడు.

గుమాస్తా మంచివాడు, దరఖాస్తు ఇస్తూ ఇంకో సంగతి కూడా చెప్పాడు. "కష్టమనిపిస్తే ఫికర్ లేదమ్మా. ఈ ఏడాది పూర్తిచేసి, వృత్తి కోర్సు క్రెడిట్లు తెచ్చుకుంటే డిప్లొమా తీసుకుని మళ్ళీ వెళ్ళిపోవచ్చు."

యాదమ్మ మొహం వెలిగిపోయింది. "గట్లనా సారూ? అయితే ఒక్క ఏడాదే గదా!"

రోహిణి కలం మూత తీసింది.

"సార్, బయటికి పోయే తొవ్వ నాకు ఎరికే," అంది. "లోపలికి వచ్చే తొవ్వకు ఎక్కడ సంతకం పెట్టాలో అది చూపెట్టుండ్రి."

గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. ఆమె సంతకం చేస్తుంటే పాప అమ్మ దగ్గరికి పోతానని ఏడుపు లంకించుకుంది. నేను దాన్ని ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.