బాగుచేసిన కుక్కర్

వీధిలో ఆయన్ని అందరూ సుత్తి బాబాయ్ అనేవాళ్ళు. చేతిలో సుత్తి ఉన్నందుకు సగం, నోరు మూతపడనందుకు సగం. మెట్ల కింద ఆరడుగుల కొట్టు, ఒక చెక్కబల్ల, గోడ నిండా మేకులు, మేకులకు రబ్బరు రింగులు. మిక్సీ తెచ్చినా, ఇస్త్రీపెట్టె తెచ్చినా "చూద్దాం" అనడు, "సాయంత్రం రా" అంటాడు. ముప్పయ్యేళ్ళలో విరిగిన వస్తువు విరిగినట్టే తన గడప దాటలేదని ఆయన గొప్ప. గొప్ప చెప్పుకుంటే చెప్పుకోనీ, ఎవడికి నష్టం అనుకునేవాణ్ణి నేనూ. చివరికి ఆ గొప్పే కొంప ముంచింది.

ఆయనకు ఒక్కతే కూతురు. పక్క వీధిలోనే కాపురం. వేరు కాపురం పెట్టినప్పుడు మేనత్త బజార్లో కొత్త కుక్కర్ కొని చేతిలో పెట్టింది. ఎనిమిది నెలలు అది బుద్ధిగానే కూత వేసింది. తొమ్మిదో నెల ఒకరోజు పొద్దున, పొయ్యి మీద దుంపలు ఉడుకుతుంటే ఆ పిల్ల పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. మూత ఎగిరొచ్చి మొహానికి తగిలింది. వెనకే ఆవిరి. ఎడమకన్ను పోయింది.

ఆస్పత్రి వరండాలోనే అత్తగారు తేల్చేసింది. "ఆవిరి పోకముందే మూత లాగేసి ఉంటుంది. మా కోడలికి అన్నిటికీ తొందరే." ఆ మాట వీధి వీధంతా పాకింది. చూడొచ్చినవాళ్ళు పళ్ళు మంచం పక్కన పెట్టి, "జాగ్రత్తగా ఉండాలమ్మా" అని బుద్ధులు చెప్పి మరీ వెళ్ళారు. కట్టు కట్టిన మొహంతో కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట అంది.

"నాన్నా, నేను మూత ముట్టుకోలేదు. ఎవరో ఒకరు ఆ మాట అందరికీ చెప్పండి."

"చెప్పిస్తానమ్మా. నేనున్నానుగా."

మూడోరోజు కూతురి బట్టలకని ఆయన వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వంటగదిలో బల్ల కింద కుక్కర్ పడుంది. కొట్టుకు తెచ్చి తిరగేశాడు. ఆవిరి పోయే గొట్టంలో దుంప తొక్క అడ్డంపడింది. పడుతుంది, ఏ వంటింట్లో అయినా పడుతుంది. అలా పడ్డప్పుడు ఆదుకోవడానికే మూతకు ఇంకో చిన్న బిళ్ళ ఉంటుంది, సేఫ్టీ ప్లగ్గు అంటారు. లోపల వేడి మితిమీరితే దాని నడుమనున్న మెత్తటి లోహం కరిగి, ఆవిరికి దారి ఇవ్వాలి. ఇక్కడ అది చెక్కుచెదరలేదు. మూతను పట్టి ఉంచే చెవులు వంగిపోయి పట్టు వదిలేశాయి గానీ బిళ్ళ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది.

"కరగాల్సిన ముండ కరగలేదు!" అని కంపెనీని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక్క నిమిషంలో అంతా తెలిసిపోయింది ఆయనకు. ఏ ఇంజనీరూ అంత త్వరగా చెప్పలేడు.

తెలిసినవాడు ఏం చెయ్యాలి? గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ఈయన బల్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ వంకర మూత చూస్తుంటే కూతురి మొహమే కనిపించింది. ఇక చేతులు ఊరుకోలేదు. స్పానరుతో బిళ్ళ ఊడదీసి తుక్కు డబ్బాలో పడేశాడు. కొత్తది బిగించాడు. తీగతో గొట్టం పొడిచాడు. చెవులు సుత్తితో సరిచేసి పీచుతో తళతళా తోమాడు. శనివారం పాతసామాన్లవాడు వచ్చి డబ్బా ఖాళీ చేసుకుపోయాడు.

రెండు వారాల తర్వాత లాయరమ్మ దగ్గరికి వెళ్ళారు తండ్రీకూతుళ్ళు. చురుకైన మనిషి, అడ్డుమాటలు లేవు.

"కొన్నది మా అక్కయ్యండీ, అదీ కొట్లో. కంపెనీ మొహం కూడా మేం ఎరగం. మాకు వాళ్ళెందుకు జవాబు చెప్తారు?" అన్నాడు సుత్తి బాబాయ్.

"చెప్పాలి బాబాయ్. కుక్కర్ తయారుచేసినవాడికి బాధ్యత కొట్టువాడితో తీరిపోదు. పొయ్యి దగ్గర నిలబడే మనిషిదాకా ఉంటుంది, ఆ మనిషి వాళ్ళ దగ్గర కొన్నా కొనకపోయినా."

"గొట్టం మూసుకుంది కదా, అది నా తప్పంటారేమో?" కూతురు భయంగా అడిగింది.

"అంటారు. కానీ ఇళ్ళల్లో గొట్టాలు మూసుకుంటాయని వాళ్ళకు ముందే తెలుసు. అందుకేగా ఆ ప్లగ్గు పెట్టింది? అది పనిచెయ్యకపోతే తప్పు వాళ్ళదే. నూనెలో వేడిచేస్తే ఎన్ని డిగ్రీల దగ్గర కరుగుతుందో తేలిపోతుంది. ఏదీ, ఆ ప్లగ్గు ఇవ్వండి."

సుత్తి బాబాయ్ సంచీలోంచి కుక్కర్ తీసి బల్ల మీద పెట్టాడు. అద్దంలా ఉంది. లాయరమ్మ మూత తిప్పి చూసి, ఆయన వైపు చూసింది.

"ఇది... పేలిన కుక్కరేనా?"

"అదేనమ్మా. బాగుచేశాను."

కూతురు తలెత్తి తండ్రిని చూసింది. లాయరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, "అయ్యో బాబాయ్, ఎంత పనిచేశావయ్యా!" అంది.

అయినా కేసు వేసింది. అడుగున ఉన్న నంబరు చూసి, అదే తడవలో తయారైన కుక్కర్ ఇంకొకటి ఎక్కడో కొట్లో వెతికి పట్టుకుంది. దాని ప్లగ్గు కరగాల్సిన వేడి దగ్గరే చక్కగా కరిగింది! వెయ్యి మంచివి ఉంటే ఉండనీ, చెడ్డది ఒక్కటి చాలు కదా. ఆ ఒక్కటీ ఈయన తుక్కులో వేశాడు.

కోర్టులో కంపెనీ లాయరు సుత్తి బాబాయ్‌ని ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇప్పుడున్న ప్లగ్గు మా కంపెనీది కాదు. ఎవరు వేశారండీ?"

"నేనే."

"మూత మీద సుత్తి దెబ్బలు?"

"నావే. కానీ అవన్నీ ప్రమాదం తర్వాత చేసినవండీ! ఒట్టు."

"మీ అమ్మాయి ఇంట్లో వస్తువులు ఏది చెడినా మీరే చేస్తారట కదా?"

"నేనుండగా ఇంకొకడి దగ్గరికి ఎందుకు వెళ్తుందండీ?" అనేశాడు. ముప్పయ్యేళ్ళ గొప్ప కదా, నోరు ఊరుకుంటుందా!

"అంటే ఇది ప్రమాదానికి ముందే మీ చేతిలో పడలేదని రుజువేమైనా ఉందా? చీటీ, తేదీ?"

లేదు. ఆయన ఎవరికీ ఏనాడూ చీటీ రాసినవాడు కాదు.

తీర్పు చిన్నదే. తయారీదారుకు వాడుకరి పట్ల బాధ్యత ఉంది, అందులో సందేహం లేదు. అయితే లోపం ఫ్యాక్టరీ దాటేనాటికే ఉందని ఫిర్యాదీ రుజువు చేయలేకపోయింది, వస్తువు తర్వాత మార్పుకు లోనైంది, కనుక కొట్టివేయడమైనది. మూత ఎలా ఊడిందో చెప్పడం సాధ్యం కాదని కూడా అందులో రాశారు. తను మూత ముట్టుకోలేదన్న ఒక్క వాక్యం కోసమే కూతురు రెండేళ్ళు తిరిగింది. బయట మెట్ల మీద అత్తగారు "నేను మొదటే చెప్పలా" అంది. దానికి కొత్త గుసగుస కూడా తోడైంది, తండ్రి చేసిన రిపేరే కూతురి కన్ను తీసిందని.

కోర్టువాళ్ళు కుక్కర్ తిరిగి ఇచ్చేశారు. ఆయన కొట్లో ఓ మూలకు తోసేశాడు. మర్నాడు కూతురింటికి వెళ్ళేసరికి అది పొయ్యి మీద ఉంది. ఎప్పుడు తెచ్చుకుందో! దుంపలు ఉడుకుతున్నాయి, పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది.

"జరుగమ్మా! పిచ్చా నీకు? దూరం జరుగు!" అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకు లాగాడు.

ఆమె కదల్లేదు. ఉన్న ఒక్క కన్నుతో తండ్రిని చూసింది.

"భయమెందుకు నాన్నా? ఇప్పుడున్న ప్లగ్గు మంచిదేగా. నువ్వు వేసిందేగా."

ఆయన చెయ్యి వదిలేశాడు. కుక్కర్ మూడు కూతలు వేసేదాకా తండ్రీకూతుళ్ళు అక్కడే నిలబడ్డారు. అది చక్కగా పనిచేసింది.