నాన్నకూ నాకూ ఒకే మాత్ర

డిగ్రీ అయిపోయి, చోడవరంలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పే రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. నాన్నకు రోలుగుంట వైపు చెరకు పొలం ఉంది, చాలా ఏళ్లుగా సుగరూ ఉంది. నెలకోసారి ఆయన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లడం నా పని. రిపోర్టులు చదవడం రాక కాదు, పైకి చదివితే తాను చాటుగా తాగే బెల్లం టీ సంగతి ఇంట్లో బయటపడుతుందని నా చేతికే ఇచ్చేవారు.

ఒకసారి నేను వంగి రిపోర్టు ఇస్తుంటే ఆవిడ చూపు నా మెడ వెనక ఆగింది. అక్కడ చర్మం నల్లగా, మందంగా మారి మూడేళ్లవుతోంది. మురికనుకుని పీచుతో రుద్ది రుద్ది వదిలేశాను. ఆవిడ నాన్నను కాసేపు బయట కూర్చోమని, నెలసరి ఎలా వస్తోందని నన్ను అడిగారు.

అప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. రెండు మూడు నెలలకోసారి వచ్చేది, వస్తే పది రోజులైనా ఆగేది కాదు. గడ్డం కింద ముతక వెంట్రుకలు మొలిచేవి. బడికి వెళ్లేముందు తలుపు గడియ పెట్టుకుని చిన్న పట్కారుతో పీక్కునేదాన్ని. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని అమ్మ అనేది. ఇవన్నీ చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తొందరపెట్టలేదు. థైరాయిడ్, మరికొన్ని హార్మోన్లు, సుగరు పరీక్షలు రాసి, స్కానింగ్‌కి అనకాపల్లి పంపారు.

రిపోర్టులు వచ్చాక ముగ్గురం వెళ్లాం. పీసీఓఎస్ అన్నారు. అండాశయాల్లో బుడగలు ఉన్నాయని వినగానే, గడ్డలా, కోసేస్తారా అని అమ్మ గబగబా అడిగింది. గడ్డలు కావని, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల తిత్తులని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. నా ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదట. అందుకని ఒళ్లు దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేస్తోంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల, ఆడవాళ్లలో కొద్దిగా ఉండాల్సిన మగ హార్మోన్ పెరుగుతుంది. వెంట్రుకలూ మొటిమలూ దానివల్లే. అండం విడుదల కాకపోతే నెలసరి తప్పుతుంది. గర్భసంచి లోపలి పొర పేరుకుపోయి, వచ్చినప్పుడు రక్తం అంతలా పోతుంది.

ముందు నెలసరి రావడానికి పది రోజుల హార్మోన్ మాత్రలు రాశారు. తర్వాత గర్భనిరోధక మాత్రలు వాడితే నెలసరి క్రమంగా వస్తుందని, వెంట్రుకలూ తగ్గుతాయని అన్నారు. పెళ్లికాని పిల్లకి అవా అని అమ్మ ముఖం మాడ్చుకుంది. అయితే కొన్నాళ్లు నడక, తిండిలో మార్పు, మెట్‌ఫార్మిన్‌తో చూద్దామని, మూడు నెలలైనా నెలసరి రాకపోతే మాత్రం ఆగకుండా రమ్మని చెప్పారు.

మెట్‌ఫార్మిన్ పేరు వినగానే నాన్న చీటీ లాక్కుని చూశారు.

"నా మందే దీనికీ రాసేరేటండీ? మా గుంటకీ సుగరొచ్చేసిందేటి?"

సుగరు ఇంకా రాలేదని, వచ్చేందుకు గట్టు మీద నిలబడి ఉందని ఆవిడ అన్నారు. ఇది మీ ఇద్దరికీ ఉన్న గుణమేనని కూడా అన్నారు. నాన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక పెరట్లో నా పక్కన కూర్చుని, "నానిచ్చిన జబ్బే కదమ్మా ఇది. మరి నానూ నడవాల గదా," అన్నారు.

మర్నాడు తెల్లవారుతూనే నన్ను లేపింది ఆయనే. ఏళ్లుగా డాక్టరమ్మ చెప్పినా నడవని మనిషి! చెరకు తోటల మధ్య దారిలో ముప్పావుగంట నడిచేవాళ్లం. మొదటి రెండు వారాలు మాత్రకు వికారం, కడుపు ఉబ్బరం ఉండేవి. అన్నం తిన్నాకే వేసుకోమని, తనకీ అలాగే అయ్యేదని నాన్న ధైర్యం చెప్పారు. అమ్మ అన్నం తగ్గించి, కూరలు, పెసలు, గుడ్లు పెంచింది. మాడుగుల హల్వా ఎవరు తెచ్చినా ఇద్దరికీ చెరొక ముక్క, అంతే.

ఆర్నెల్లలో ఐదు కిలోలు తగ్గాను. ఈలోపు ఒకసారి మళ్లీ పది రోజుల మాత్రలు వాడాల్సివచ్చింది. ఆ తర్వాత ఒక పొద్దున్న సగం దారిలో పొత్తికడుపు పట్టేసింది. ఏ హార్మోన్ మాత్రా లేకుండా నెలసరి దానంతటదే వచ్చింది. "నాన్నా, ఇంటికి పోదాం," అన్నాను. నాన్న నా ముఖం చూసి, భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చారు.

"నడుంకి సుట్టుకో. నాను ముందు నడుస్తాను, నెమ్మదిగా రా," అన్నారు. ఇల్లొచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

వెంట్రుకలు అంత త్వరగా లొంగలేదు, నెలకోసారి పార్లర్‌కి ఇప్పటికీ వెళతాను. మెడ నలుపు సగం పోయింది. ఇది పూర్తిగా పోయేది కాదని, చూసుకుంటూ ఉండాలని తెలిసింది. ఏటా సుగరు పరీక్షకి వెళ్లినప్పుడు నా రిపోర్టు నాన్న చదువుతారు, అంకెల మీద వేలు పెట్టుకుని, పైకి గట్టిగా.