ఎస్తేరమ్మ గులాబీ డబ్బాలు

అయిజలో బట్టలు కుట్టే ఎస్తేరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మిద్దె మీద డబ్బాల్లో పెంచే గులాబీలంటే మాత్రం ప్రాణం. మట్టిలో వేపపిండి కలిపి వేరుపురుగును రాకుండా చేసింది. మెల్లగా కరిగే ఎముకల పొడిని పైపైన చల్లితే వీధికుక్క మిద్దెక్కి తవ్విపోసింది. దాన్ని నోరారా తిట్టి, ఈసారి వేర్ల దగ్గర లోతుగా వేసింది. నూనె తీయగా మిగిలిన ఆవచెక్కను పొడిగా వేస్తే డబ్బాలో వేడెక్కి వేర్లు మాడతాయని, బకెట్ నీళ్లలో నానబెట్టి మూత పెట్టింది.

అది బాగా పులిసిన రోజే ఆమె ఇంట్లో ప్రార్థన కూటం. కళ్లు మూసుకున్నవాళ్ల ముక్కుల్లోకి కంపు దూరింది.

“బకెట్ మూత ఎవలు తీసిన్రు?” ప్రార్థన మధ్యలోనే అరిచింది ఎస్తేరమ్మ.

పాస్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “అక్కా, గా నీళ్లు పల్చగ చేసి పోస్తెనేనా గిన్ని పూలు? మాక్కూడ జర ఇయ్యరాదు?”

మరుసటి వారం అందరూ బైబిలుతో పాటు ఖాళీ సీసా కూడా తెచ్చుకున్నారు.